నలభై ఆరు వేల ఒకటి

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ట్రస్టు ఆఫీసుకు ఎవరూ నవ్వుకుంటూ రారు. పాతకాలపు వ్యాపారుల కుటుంబాలు కొన్ని కలిసి ఎప్పుడో పెట్టిన ట్రస్టు అది. పని ఒక్కటే. పోయినవాళ్ల అస్థికలను, వాటిని నదికి తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా భద్రంగా దాచిపెట్టడం. అస్థికలు గుమ్మం దాటి ఇంట్లోకి తేకూడదంటారు. ఇదివరకు పెరట్లో చెట్టుకొమ్మకు కట్టేవాళ్లు. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో నాలుగో అంతస్తులో అద్దెకుండేవాడు ఏ కొమ్మకు కడతాడు? లిఫ్టుకు కట్టలేడు కదా. అందుకని ఇక్కడికి తెస్తారు.

లోపలి గదిలో గోడ పొడుగునా ఇనుప అరలు. ఒక్కో అరకు ఒక నంబరు. ఎర్రగుడ్డ మూతి కట్టిన కుండలు, రాగి చెంబులు, ఒక్కోసారి ఇంట్లో వాడుకున్న స్టీలు డబ్బా కూడా. తెచ్చినవాళ్లు ఎప్పటిలోగా వచ్చి తీసుకెళ్తారో చెప్పాలి. అది గడువు తేదీ. గడువు దాటినా ఎవరూ రాకపోతే ఫోను చేస్తారు. ఫోనుకూ దొరక్కపోతే ఆ ఏడు కార్తీక మాసంలో అన్నిటినీ వ్యానులో పెట్టి, ఒక పంతులుగారిని వెంటబెట్టుకుని, బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపివస్తారు. దిక్కులేనివాళ్లకు అదొక దిక్కు.

ఆ గదికి తాళంచెవి, ఆ అరలకు లెక్క రెండూ విమల చేతిలో ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆమె అక్కడే గుమాస్తా. బంధువులు నవ్వుతూనే అడిగేవారు, ఇంతకన్న మంచి నౌకరీ దొరకలేదా అని. ఆమె కూడా నవ్వుతూనే చెప్పేది, ఇక్కడివాళ్లు ఎవరూ తనతో కొట్లాడరని. నిజానికి ఆమెకు ఆ పని మీద ఎవరికీ చెప్పుకోని గౌరవం ఉండేది. పొద్దున తాళం తీయగానే గదిలోకి తొంగి చూసి దీపం పెట్టి, "అందరు మంచిగున్నరా" అని లోపల్లోపల అనుకునేది.

ఆ ఎండాకాలం ట్రస్టు సెక్రటరీ శ్రీపతిగారికి ఆధునికత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అబిడ్స్‌లో ఎక్కడో పాత కంప్యూటరొకటి బేరమాడి తెచ్చాడు. చేత్తో రాసే పుస్తకాలు అటకెక్కాయి. ఆయన మేనల్లుడు ఒక పూట వచ్చి ఎక్సెల్‌లో పట్టీ తయారుచేసి, గడువు దాటిన వరస దానంతటదే ఎర్రబడేలా ఏర్పాటు చేసి వెళ్లాడు. "ఇగ నువ్వు తేదీలు సూసుకునే పనే లేదు విమలమ్మా. ఎర్రగైతే గడువు దాటినట్టు. అంతే!" అన్నాడు శ్రీపతి. విమల ఆ మాట నమ్మింది. నమ్మకపోవడానికి కారణం కూడా ఏమీ కనిపించలేదు. పుస్తకంలో రాసినట్టే ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం కొట్టేది. కొట్టింది కొట్టినట్టే తెర మీద కనిపించేది.

తాతారావు ఆమె దగ్గరికి వచ్చింది శ్రావణంలో. డెబ్బై దాటిన మనిషి. తండ్రి కాలంలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడాది, కొవ్వూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. భార్య వరలక్ష్మి పోయి అప్పటికి కొద్ది రోజులే అయింది. రాగిచెంబును ఒళ్లో పెట్టుకుని, దాని మూతి మీద అరచెయ్యి ఆన్చి, చంటిపిల్లను కూర్చోబెట్టుకున్నట్టు కూర్చున్నాడు.

"గోదావరికే తీసుకెళ్లాలమ్మా," అన్నాడు. "ఆవిడ కొవ్వూరు గట్టు మీద పుట్టింది. గోదావరి తప్ప మిగతావి నీళ్లే కావనేది. ఇప్పుడే వెళ్లిపోదును. నా గుండెకి ఆపరేషను పెట్టారు అక్టోబరులో. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రయాణం వద్దన్నారు డాక్టరుగారు."

"ఫికర్ చెయ్యకున్రి సార్. ఎన్నొద్దులైనా ఉంచుతం. తారీఖు చెప్పున్రి చాలు."

"డిసెంబరు పది రాసుకోండి. మా పెళ్లిరోజు. పొద్దున పదింటికల్లా వస్తాను." నవ్వబోయి నవ్వలేక అన్నాడు, "నేను జీవితంలో ఎక్కడికీ టైముకి వెళ్లలేదమ్మా. సినిమాకి ఆలస్యం, రైలుకి ఆలస్యం, చివరికి పెళ్లిపీటల మీదకి కూడా ఆలస్యం. ఆవిడ ముందే తయారై గుమ్మంలో కూర్చునేది, నేను వచ్చేదాకా. ఆస్పత్రిలో కూడా నేను టీ తాగొచ్చేసరికి వెళ్లిపోయింది. ఈ ఒక్కసారి మటుకు టైముకి వస్తాను."

విమల ఆయన ఎదురుగానే 10/12/2025 అని కొట్టింది. తెర మీద 10/12/2025 అనే పడింది. ముప్పై ఏడో అర తెరిచి, చెంబును లోపల పెట్టింది.

*

డిసెంబరు మొదటి వారం గడిచింది. శ్రీపతి ఏడాది నివేదిక కోసం కంప్యూటరు ముందు కూర్చుని, తనకు తెలియని బొత్తాలన్నీ నొక్కి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోయాడు. విమల వచ్చి చూసేసరికి గడువు తేదీల గడి నిండా అంకెలు. 45942. 45782. 45996. కొన్ని వరసల్లో మాత్రం తేదీలు తేదీల్లానే ఉన్నాయి, గడిలో ఎడమవైపుకు అంటుకుని. అంకెలన్నీ కుడివైపున నిలబడ్డాయి.

ఆమె అందరి గడువులూ చెరిగిపోయాయనుకుంది. తాతారావు రావడానికి ఎన్నో రోజులు లేవు. ఆయన తేదీ ఆమెకు నోటికి వచ్చు కాబట్టి అక్కడ ఫరవాలేదు, కానీ మిగతావాళ్లవి? ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, వాచ్‌మన్ సాయన్నకు ఆఫీసు అప్పగించి, అబిడ్స్ వైపు నడిచింది.

జనరల్ పోస్టాఫీసు దాటాక ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో రవిచంద్ర దుకాణం. కంప్యూటర్లు బాగుచేస్తాడు, తీరిక ఉంటే లెక్కలు కూడా నేర్పుతాడు. విమల కూతురు ప్రణవి అతని దగ్గరే నేర్చుకుంది. ఆ చనువు కొద్దీ అక్కా అంటాడు.

"తమ్మీ, జర సూడు. తారీఖులన్ని ఖరాబైనయి."

రవిచంద్ర ఫైలు తెరిచి చూసి తేలిగ్గా నవ్వాడు. "ఏం ఖరాబు కాలేదక్కా. మిషన్‌కి తేదీ అంటే తెలీదు. దానికి తెలిసింది లెక్క ఒక్కటే. 1900 జనవరి ఒకటిని ఒకటి అనుకుని, అక్కణ్ణుంచి రోజుకో అంకె పెంచుకుంటూ వస్తుంది. లోపల దాచుకునేది ఆ అంకెనే. మనకు చూపించేటప్పుడు తేదీ వేషం వేసి పంపిస్తుంది. మీ సారు ఈ గడులన్నిటినీ జనరల్ అనే రకంలోకి మార్చారు. వేషం తీసేసింది, అంతే."

"మళ్ల ఎట్ల?"

"ఇదిగో. ఈ వరస మొత్తం పట్టుకో. కంట్రోల్, ఒకటి కలిపి నొక్కు. ఇక్కడ డేట్ అని ఉందా? కింద లొకేల్ అన్నచోట ఇంగ్లిష్, ఇండియా పెట్టుకుని, రోజు ముందొచ్చే రకం ఎంచుకో." అతను నొక్కాడు. అంకెలన్నీ ఒక్కసారిగా తేదీలైపోయాయి. విమలకు ప్రాణం లేచొచ్చింది. చీరచెంగుతో మొహం తుడుచుకుంది.

కానీ రవిచంద్ర నవ్వడం మానేశాడు. తెరకు దగ్గరగా వంగాడు.

"అక్కా, ఈ ఎడమవైపున ఉన్నవి ఎందుకు మారలేదో చూశావా? ఇరవై ఐదు, పద్దెనిమిది, ముప్పై, పదమూడు. అన్నిట్లోనూ రోజు పన్నెండు దాటింది. మీ మిషన్‌లో నువ్వు తేదీ ఎట్లా కొడతావు?"

"రోజు, నెల, సాలు. అందరం కొట్టినట్టే."

"కొట్టింది కొట్టినట్టే కనపడేదా?"

"ఔ."

అతను మెల్లగా, ఒక్కో మాట తూచి చెప్పాడు. "ఆ పాత మిషన్‌లో రీజియన్, అంటే దేశం, అమెరికాది పెట్టి ఉన్నట్టుంది. వాళ్లు ముందు నెల రాస్తారు, తర్వాత రోజు. నువ్వు 25/09 అని కొడితే దానికి ఇరవై ఐదో నెల ఎక్కడ దొరుకుతుంది? తేదీయే కాదనుకుని ఉత్త అక్షరాలుగా ఎడమవైపున పడేసింది. వాటికి లోపల అంకె లేదు. కానీ రోజు పన్నెండులోపు ఉంటే దానికి అనుమానం రాదక్కా. నీ రోజును నెల అనుకుంటుంది, నీ నెలను రోజనుకుంటుంది. చూపించడం మాత్రం మళ్లీ అమెరికా పద్ధతిలోనే చూపిస్తుంది కాబట్టి నువ్వు కొట్టినట్టే కనపడుతుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. ఇప్పుడు మన పద్ధతిలో చూపించమన్నాం కదా, అది ఏమనుకుందో ఇప్పుడు బయటపడుతుంది."

విమలకు సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థం కావాలని కూడా అనిపించలేదు. కళ్లు వాటంతటవే ముప్పై ఏడో అర వరసకు పోయాయి.

వరలక్ష్మి. 12-10-2025.

"పది పన్నెండు," అంది. "నేను పది పన్నెండు కొట్టిన. డిసెంబర్ పది."

"అది అక్టోబరు పన్నెండు అని దాచుకుంది. ఇందాక 45942 అని ఉన్న అంకె అదే. డిసెంబరు పది అయితే..." అతను పక్క గడిలో కొట్టి చూపించాడు. "46001 ఉండాలి."

"నువ్విప్పుడు మార్చినవ్ గదా తమ్మీ. ఇది మార్చినంక కూడ మంచిగ గాదా?"

"ఇది చూపించే తీరు ఒక్కటే మారుస్తుందక్కా. చీర మార్చుకుంటే మనిషి మారదు కదా. లోపలి అంకె మళ్లీ కొడితేనే మారుతుంది."

విమల లేచి నిలబడింది. కార్తీకంలో ఎర్రబడ్డ వరసలన్నీ వేరుచేసి, అర నంబరు, పేరు మాత్రమే ఉన్న కాగితం తీసి సాయన్న చేతికి ఇచ్చింది తనే. వరలక్ష్మి అన్న పేరు ఆ గదిలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. గడువు దాటిన అందరికీ ఫోన్లు కూడా చేసింది. ఒక నంబరు రెండుసార్లు స్విచాఫ్ వచ్చింది. అది ఎవరి నంబరో అప్పుడు తట్టలేదు. ఆపరేషనై ఆస్పత్రిలో పడుకున్న మనిషి ఫోను స్విచాఫ్ రాక ఏమొస్తుంది?

"అక్కా, నీళ్లు తాగు," అన్నాడు రవిచంద్ర. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

*

ఆటో నాంపల్లి చేరేదాకా ఆమె దేవుడితో బేరమాడుతూనే ఉంది. సాయన్న మరిచిపోయి ఉండాలి. చెంబు అరలో వెనక్కి జారి సాయన్న కంట పడకపోయి ఉండాలి. ఆ రోజు వ్యానులో చోటు చాలక కొన్ని మిగిలి ఉండాలి. సాయన్న ఇరవై ఏళ్లలో ఏ పనీ మరిచిపోని మనిషి. ఆ రోజు ఒక్కసారి మరిచిపోయి ఉంటే నీకు కొబ్బరికాయ కొడతాననుకుంది.

ముప్పై ఏడో అర ఖాళీగా ఉంది. తుడిచి శుభ్రంగా ఉంది.

"అది కార్తీకంలనే తీస్కపోయినం గదమ్మా," అన్నాడు సాయన్న గుమ్మంలోంచి. "లిస్టుల ఉండె. రాగిచెంబు. బీచుపల్లిల నేనే నీళ్లలకు దిగిన. పంతులు మంత్రం సదివిండు. పేరు కూడ పిలిసిండు, వరలక్ష్మీ అని." తప్పేదో జరిగిందని ఆమె మొహం చూశాక గ్రహించాడు. "ఏమైందమ్మా?"

ఆమె అరల వరస పొడుగునా నడిచింది. నలభై ఒకటో అరలో ఒక కుండ ఉంది, లక్ష్మీనర్సమ్మ అని చీటీ. సెప్టెంబరు ఇరవై ఐదు గడువు. ఎవరూ రాలేదు, ఫోను చేసే నంబరు కూడా లేదు. కార్తీకంలో వెళ్లాల్సిన కుండ. ఎడమవైపు అక్షరాలుగా పడిపోయిన తేదీ ఎప్పటికీ ఎర్రబడదు కాబట్టి ఇంకా ఇక్కడే ఉంది. పోవాల్సినామె ఉండిపోయింది. ఉండాల్సినామె వెళ్లిపోయింది. విమల ఆ నేల మీదే కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం శ్రీపతికి చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కాకపోతే పరువు ఉన్నవాడు, పరువు ఉన్నవాళ్లకు కొన్ని ఆలోచనలు తొందరగా వస్తాయి.

"ముసలాయనకు ఈ ముచ్చట చెప్పి ఏం ఫాయిదా విమలమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి. "గుండె ఆపరేషనైన మనిషి. ఇంటే తట్టుకుంటడా? ఆ లక్ష్మీనర్సమ్మకు ఎట్లాగో ఎవ్వరు లేరు. గసుంటి రాగిచెంబు సుల్తాన్ బజార్ల దొరుకుతది. అండ్ల పోసి ఇయ్యి. ఆయన గోదాట్ల కలుపుకుంటడు. ఆయన మనసు సల్లగుంటది, ఈమెకు గూడ ఒక నది దొరుకుతది. బూడిదకు పేరుంటదా?"

విమల మర్నాడు సాయంత్రం ఆఫీసు మూసి సుల్తాన్ బజారు వెళ్లింది కూడా. పాత్రల దుకాణంలో వరసగా పేర్చిన రాగిచెంబుల్లో, సరిగ్గా అలాంటిదే, మెడ దగ్గర చిన్న గీత కూడా ఉన్నది కనిపించింది. దుకాణదారు తీసి చేతికిచ్చాడు. కొత్త రాగి, చల్లగా ఉంది. తాతారావు అరచెయ్యి దాని మూతి మీద ఆన్చి కూర్చోవడం ఆమె కళ్ల ముందు కదిలింది. ఆ చెయ్యి ఈ చెంబు మీద పడుతుంది. గోదావరి గట్టు మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనిషిని వరలక్ష్మీ అని పిలుస్తాడు. అంతకన్న దిక్కుమాలిన పని ఇంకొకటి ఉంటుందా? చెంబు తిరిగి ఇచ్చేసి, ఎవరో తరుముతున్నట్టు బయటికి వచ్చేసింది.

*

పదో తారీఖు పొద్దున ఆమె తాళం తీసేసరికే తాతారావు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లని కొత్త పంచె, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో గుడ్డసంచి. సన్నబడ్డాడు. చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది. ఆమెను చూసి, బడిలో మొదట వచ్చిన పిల్లవాడిలా మురిసిపోయాడు.

"చూశారా! తొమ్మిదిన్నర కూడా కాలేదు. మా అమ్మాయి తోడొస్తానంటే వద్దన్నాను, దాంతో బయల్దేరితే మళ్లీ ఆలస్యమని. సాయంత్రం బండికి టిక్కెట్టు ఉంది." సంచిలోంచి మడతపెట్టిన జరీచీర ముక్క తీశాడు. "పెళ్లి చీరలోది. చెంబుకి చుట్టి తీసుకెళదామని."

విమల ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఆయన ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"సార్, అమ్మగారు ఇక్కడ లేరు. కార్తీకంల కృష్ణల కలిపేసినం. గడువు దాటిందని మిషన్‌ల తప్పు పడ్డది. సూసుకోకుండ పంపింది నేనే."

చీర ముక్క తాతారావు రెండు చేతుల్లో అలాగే ఉండిపోయింది.

"కృష్ణలోనా?" అన్నాడు చివరికి. "ఆవిడకి కృష్ణ తెలీదే."

విమల తలవంచుకుంది. తిడతాడని ఎదురుచూసింది, తిడితే బాగుండుననుకుంది. తిట్టే మనిషి ముందు నిలబడటం సులువు. ఆయన తిట్టలేదు. కనుబొమలు ముడిచి, ఎక్కడో వెతుక్కుంటున్నట్టు గాలిలోకి చూశాడు.

"నేనే తప్పు చెప్పానా అమ్మా? ఆ రోజు మందుల మీద ఉన్నాను. డిసెంబరు అనబోయి అక్టోబరు అన్నానేమో. నేనే చెప్పుంటాను. మీరు ఫోను కూడా చేసుంటారు. నేను ఎత్తలేదు. ఆవిడ ఎదురు చూసుంటుంది, నేను రాలేదు. ఎప్పుడూ చేసే పనే చేశాను..."

ఈ మాట వినడానికి విమల సిద్ధంగా లేదు. కోపానికి సిద్ధపడింది, శాపానికి సిద్ధపడింది. ఆయన తప్పు తన నెత్తిన వేసుకుంటాడని మాత్రం ఊహించలేదు.

"కాదు సార్! మీరు చెప్పింది డిసెంబర్ పదే. రాన్రి, మీ కళ్లతోటి సూడున్రి."

కుర్చీని కంప్యూటరు ముందుకు జరిపింది. ఫోన్లో రవిచంద్ర చెప్పినట్టు కంట్రోల్ ప్యానెల్లో రీజియన్‌ను నిన్ననే ఇండియాకు మార్చింది. కుడివైపున పడ్డవాటిలో రోజును, నెలను తిరగేసుకుంటూ, మిగతా తేదీలన్నీ ఒక్కొక్కటే మళ్లీ కొట్టింది. ముప్పై ఏడో వరసను మాత్రం ముట్టుకోలేదు. చెయ్యి రాలేదు. ఇప్పుడు దాని మీద బాణం గుర్తు పెట్టి, తేదీ వేషం తీసేసింది. 45942 పడింది.

"మీరు చెప్పిన తారీఖును మిషన్ తిరగేసి పట్టుకున్నది. ఇది అక్టోబర్ పన్నెండు సార్. మీరన్నది ఇది కాదు. మీరన్నట్టు మళ్ల కొడుత సూడున్రి." 10/12/2025 అని కొట్టింది. దాని వేషం కూడా తీసేసింది. గడిలో అంకె మారింది.

46001.

"ఇప్పుడు ఇయ్యాల్టి తారీఖు." పక్క గడిలో కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కింది. 10-12-2025 అని పడింది. దాన్ని కూడా అంకెగా మార్చింది.

46001.

తాతారావు కళ్లజోడు సరిచేసుకుని తెరకు దగ్గరగా జరిగాడు. వేలు పెట్టి ఒక అంకె చూశాడు, వేలు జరిపి రెండోది చూశాడు. నలభై ఆరు వేల ఒకటి. నలభై ఆరు వేల ఒకటి. మళ్లీ మొదటి నుంచి చూశాడు, కవలపిల్లలు పక్కపక్కన పడుకుంటే ఎవరు ఎవరో పోల్చుకున్నట్టు.

"రెండూ ఒకటేనా?"

"ఒక్కటే సార్."

"అంటే..." ఆయన విమల వైపు తిరిగి, జీవితంలో ఒక్కసారి నిజం చెప్పమని అడుగుతున్నట్టు అడిగాడు. "అంటే నేను లేటు కాలేదు కదా అమ్మా?"

విమల ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"కాలేదు సార్. మీరు టైముకే వచ్చిన్రు. మేమే అమ్మను ఆగనియ్యలేదు."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత జరీచీర ముక్కను మడత మీద మడత వేసి సంచిలో పెట్టుకుని, చెంబు లేని ఆ సంచిని ఒళ్లోకి తీసుకుని, దాని మూతి మీద అరచెయ్యి ఆన్చి కూర్చున్నాడు. అప్పుడు బయట పది కొట్టింది.